రాత్రి ఫుటేజ్‌లో నాయిస్ తీయాలి, అవ్వ ముఖం మీద ముడతలు మాత్రం పోకూడదు: ఒక్క షాట్‌తో మొత్తం పద్ధతి

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే భారతాలు మొదలు, పగలు హరికథ, రాత్రి నాటకం, అది తెల్లారేదాకా సాగుతుంది. షూట్ చేసేవాళ్లకి స్టేజి మీద పెద్ద కష్టం ఉండదు, అక్కడ ఫోకస్ లైట్లు ఉంటాయి కదా. కష్టమంతా కింద చాపలేసుకుని కూర్చున్న జనాన్ని తీసేటప్పుడే. స్టేజి మీద నుంచి పడే కొంచెం వెలుతురు, పక్కన ఎక్కడో బొరుగుల అంగడి దగ్గర ఒక ట్యూబ్‌లైటు, అంతే. ఐఎస్ఓ పెంచక తప్పదు, పెంచితే నాయిస్ తప్పదు. ఇంటికొచ్చి నాయిస్ రిడక్షన్ లాగితే అరవై డెబ్బై ఏళ్ల ముఖం మైనం బొమ్మ అయిపోతుంది, ముడత లేదు, మచ్చ లేదు, అవ్వకి ఎవరో ప్లాస్టిక్ తొడుగు వేసినట్టు.

ఇక్కడ ఒకే ఒక్క షాట్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. పన్నెండు సెకన్ల క్లోజప్. ఒక అవ్వ స్టేజి వైపు చూస్తా ఉంది, కుడి చెంప మీద స్టేజి వెలుతురు, ఎడమ పక్క దాదాపు చీకటి. నుదుట కుంకుమ బొట్టు, ముక్కుపుడక, తెల్ల జుట్టు, చీర అంచు జరీ. ఏడో సెకను దగ్గర భీముడి వేషగాడు ఏదో అంటే తల తిప్పి పక్కావిడతో నవ్వుతుంది. సెట్టింగ్స్ వచ్చి 4కె, 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 12800, మామూలు 8 బిట్ 4:2:0 హెచ్.264 ఫైలు. వాడే సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ స్టూడియో. ఫ్రీ వెర్షన్ వాళ్లు కూడా చదవండి, మీ దారి కింద వేరేగా రాశా, కానీ లాజిక్ అంతా ఇదే.

ముఖం మైనంలా ఎందుకు అవుతుంది

ఇది అర్థమైతే స్లైడర్లు వాటంతట అవే అర్థమవుతాయి. నాయిస్ తీయడానికి ఉన్నవి రెండే దారులు. ఒకటి స్పేషియల్, అంటే ఒకే ఫ్రేములో ఒక పిక్సెల్‌ని దాని పక్క పిక్సెల్స్‌తో కలిపి సగటు చేయడం. రెండోది టెంపరల్, అంటే అదే చోటు ముందు ఫ్రేములోనూ వెనక ఫ్రేములోనూ ఎలా ఉందో చూసి సగటు చేయడం. చర్మం మీద రంధ్రాలు, సన్న ముడతలు, నూగు వెంట్రుకలు, వీటన్నిటికీ కాంట్రాస్ట్ చాలా తక్కువ, సైజు కూడా చిన్నది, అంటే అచ్చంగా నాయిస్ ఎంత ఉంటుందో అంతే. ఒక్క ఫ్రేము చూపించి ఇందులో ఏది ముడత, ఏది నాయిస్ అని అడిగితే స్పేషియల్ ఫిల్టర్‌కి తెలియదు, రెండిటినీ కలిపి తుడిచేస్తుంది. టెంపరల్‌కి మాత్రం ఒక ఆధారం ఉంది, ముడత ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది, నాయిస్ మాత్రం ఫ్రేము ఫ్రేముకీ మారిపోతుంది. నాలుగు ఫ్రేములు సగటు చేస్తే లెక్క ప్రకారం నాయిస్ సగానికి పడిపోతుంది, ముడతకి ఏమీ కాదు. కెమెరాలో కంప్రెస్ అయిన ఫైలులో అంత లాభం రాదు, ఎందుకంటే హెచ్.264 ఒక ఫ్రేములోని నాయిస్‌ని కొంత పక్క ఫ్రేములకి కూడా మోసుకుపోతుంది, అయినా స్పేషియల్ కంటే ఎంతో మేలు.

కాబట్టి ముఖం ఉన్న షాట్‌లో వరుస ఇదీ: ముందు టెంపరల్, తర్వాత రంగు నాయిస్, ఆఖరికి తప్పదంటేనే లూమా, అంటే వెలుగు నీడల మీద స్పేషియల్, అదీ చిటికెడు. చాలామంది తలకిందులుగా చేస్తారు, స్పేషియల్ స్లైడర్ లాగగానే వెంటనే తేడా కనిపిస్తుంది కాబట్టి దానికే అలవాటు పడిపోతారు.

ఏ స్లైడరూ ముట్టుకోకముందు

వ్యూయర్‌ని 100 శాతం జూమ్‌లో పెట్టండి. స్క్రీన్‌కి సరిపోయేలా కుదించి చూస్తే నాయిస్ సగం దాక్కుంటుంది, వివరం కూడా దాక్కుంటుంది, రెండు రకాలుగానూ మోసమే. ఇంకోటి, ప్లే చేసి చూడండి, పాజ్ చేసి కాదు. పాజ్‌లో నాయిస్ మచ్చలు మచ్చలుగా భయంకరంగా కనిపిస్తాయి, అదే ప్లే అవుతుంటే మన కన్నే దాన్ని కొంత సగటు చేసేసుకుంటుంది. పాజ్‌లో క్లీన్‌గా కనిపించేదాకా లాగితే ప్లేలో మైనమే. సగం చెడగొట్టేది ఈ అలవాటే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన షాట్‌ని అలా చూస్తే మూడు రకాల చెత్త కనిపిస్తుంది. ఒకటి సన్నగా చిటపటలాడే గ్రెయిన్, ఇది లూమా నాయిస్, నిజానికి ఇది అంత అసహ్యంగా ఉండదు. రెండు, ఎడమ చెంప నీడలో ఊదా, ఆకుపచ్చ మరకలు మెల్లగా కదులుతా ఉంటాయి, ఇది క్రోమా నాయిస్, చూసేవాడిని చికాకు పెట్టేది ఇదే. మూడు, వెనక చీకట్లో చతురస్రపు గడులు, అవి కంప్రెషన్ వల్ల వచ్చినవి, వాటిని నాయిస్ రిడక్షన్ బాగుచేయలేదు, చీకట్లోకి తోసేయడమే మందు.

ఆ మాట మీదే ఇంకొంచెం. మొదట గ్రేడ్‌ని రఫ్‌గా వేయండి, ఎంత చీకటి ఉంచాలో అప్పుడే తేల్చుకోండి. చాలా నాయిస్ కెమెరా ఇచ్చింది కాదు, మనం షాడోస్ పైకి లేపితే బయటపడింది. అవ్వ ఎడమ చెంప కూడా కనపడాలని లిఫ్ట్ పెంచితే ఆ మరకలన్నీ పైకి తేలతాయి, వాటిని తుడవడానికి మళ్లీ నాయిస్ రిడక్షన్ పెంచాలి. రాత్రి పూట తీసిన షాట్ రాత్రిలాగే ఉండనీండి. ఈ షాట్‌లో ఎడమ పక్కని చీకట్లోనే వదిలేస్తే సగం పని అక్కడే అయిపోయింది.

మొదటి నోడ్: టెంపరల్

నోడ్ వరుసలో నాయిస్ రిడక్షన్ మొట్టమొదట ఉండాలి, గ్రేడ్ దాని తర్వాత నోడ్‌లో. గ్రేడ్ అయ్యాక తీయబోతే కాంట్రాస్ట్, సాచురేషన్ వల్ల నాయిస్ అప్పటికే పెరిగి ఒక్కోచోట ఒక్కోలా అయిపోయి ఉంటుంది. కానీ తీసేటప్పుడు గ్రేడ్ ఆన్‌లోనే పెట్టి చూడండి, ఫైనల్‌గా జనం చూసేది అదే కదా.

కలర్ పేజీలో Motion Effects తెరవండి. Temporal NR కింద Frames 3 పెట్టండి. 5 దాకా ఉంది కానీ ముఖం కదిలే షాట్‌లో అంత అక్కర్లేదు, సిస్టమ్ కూడా ఏడుస్తుంది. Mo. Est. Type ని Better చేయండి, Motion Range ని Small, అవ్వ ఎక్కువ భాగం కదలకుండానే ఉంది కాబట్టి. తర్వాత Luma, Chroma థ్రెషోల్డ్‌ల మధ్య గొలుసు గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి విడదీయండి. లూమాని 0 నుంచి మెల్లగా పెంచుకుంటూ పోండి, మన షాట్‌లో 7 దగ్గర చెంప మీద చిటపట తగ్గిపోయి కంటి కింద ముడతలు అలాగే ఉన్నాయి. క్రోమాని 14 దాకా తీసుకెళ్లొచ్చు. ఈ అంకెలు మీ ఫుటేజ్‌లో అలాగే కొట్టేయకండి, కెమెరాని బట్టి మారిపోతాయి, పట్టుకోవాల్సింది ఎక్కడ ఆగాలి అనేది.

టెంపరల్ ఎక్కువైతే మైనం రాదు, దాని జబ్బు వేరే, దెయ్యపు నీడలు. ఎలా కనిపెట్టాలంటే కనురెప్పలు చూడండి. రెప్ప వేసిన ప్రతిసారీ రెప్ప కింద కన్ను ఇంకా పల్చగా కనిపిస్తా ఉంటే, లేదా మాట్లాడేటప్పుడు పెదాల వెనక ఒక జాడ లాగుతా ఉంటే థ్రెషోల్డ్ ఎక్కువైందని అర్థం. అప్పుడు Motion స్లైడర్‌ని తగ్గించండి. అది తక్కువగా ఉంటే చిన్నపాటి కదలిక ఉన్న చోటుని కూడా వదిలేస్తుంది, ఎక్కువగా ఉంటే కదిలే వాటిని కూడా కలిపేస్తుంది. మామూలుగా 50 లో ఉంటుంది, ఇక్కడ 40 చేస్తే రెప్పలు శుభ్రమయ్యాయి.

ఇక ఏడో సెకను. అవ్వ తల తిప్పగానే టెంపరల్ చేతులెత్తేస్తుంది, నాయిస్ ఒక్కసారిగా మళ్లీ పైకి వస్తుంది, తల ఆగగానే మళ్లీ తగ్గుతుంది. ఈ పెరగడం తగ్గడం నాయిస్ కంటే ఎక్కువగా కంట్లో పడుతుంది. దీనికి మందు కింద స్పేషియల్ దగ్గర చెప్తా, మోషన్ స్లైడర్ పెంచి సరిచేయాలని మాత్రం చూడకండి, దెయ్యాలు తిరిగొస్తాయి.

రంగు మరకలు: ఇక్కడ ధైర్యంగా లాగొచ్చు, కానీ బొట్టు మీద కన్నేసి

మన కన్ను వెలుగు నీడల్లోని వివరాన్ని చూసినంత బాగా రంగులోని వివరాన్ని చూడలేదు, అందుకే 4:2:0 ఫైలులో రంగు సమాచారం ఎలాగూ పావు వంతే ఉంటుంది. కాబట్టి క్రోమా నాయిస్‌ని గట్టిగా తీసినా ముడతలకి నష్టం లేదు, ముడత ఉండేది లూమాలో. రెండో నోడ్ వేసి Spatial NR లో గొలుసు విడదీసి, లూమా 0 లోనే ఉంచి క్రోమా మాత్రమే పెంచండి. మన షాట్‌లో 18 దగ్గర ఊదా మరకలు పోయాయి.

హద్దు ఎక్కడ అంటే, కుంకుమ బొట్టు అంచు చూడండి. ఎరుపు నుదుటి మీదకి పాకినట్టు, లేదా బొట్టు వెలిసిపోయినట్టు కనిపిస్తే ఎక్కువైంది. జరీ అంచు కూడా అంతే, బంగారు రంగు పోయి బూడిద రంగు వస్తుంది. ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో విషయం ఉంది, ముఖం ఒకే రంగు కాదు. ముక్కు పక్కన కొంచెం ఎరుపు, కళ్ల కింద కొంచెం నలుపు, పెదాల దగ్గర ఇంకో ఛాయ. క్రోమా మరీ లాగితే ఈ తేడాలన్నీ చదునైపోయి ముఖమంతా ఒకే రంగు పూసినట్టు అవుతుంది, ముడతలు ఉన్నా సరే ఫౌండేషన్ వేసినట్టు కనిపిస్తుంది. లూమా ముట్టుకోలేదు కదా, ఇంకా మైనంలా ఎందుకుంది అని ఎవరైనా అడిగితే కారణం చాలాసార్లు ఇదే.

లూమా స్పేషియల్, డిఫరెన్స్ చూపు

టెంపరల్, క్రోమా అయ్యాక ఒకసారి ప్లే చేయండి. చాలా షాట్లకి ఇక్కడితో ఆపేయొచ్చు, నిజంగా. మిగిలిన సన్న గ్రెయిన్ ఫిల్మ్ గ్రెయిన్‌లాగే ఉంటుంది. మన షాట్‌లో తల తిప్పే చోట సమస్య ఉంది కాబట్టి కొంచెం కావాలి. అదే స్పేషియల్‌లో Mode ని Better లేదా Enhanced చేసి, Radius ని Small లో ఉంచి, లూమా 3 పెట్టండి. రేడియస్ పెద్దది చేస్తే దూరపు పిక్సెల్స్ కూడా కలుస్తాయి, మైనం వేగంగా వచ్చేది అక్కడే.

ఇప్పుడు అసలు పరీక్ష. వ్యూయర్ పైన హైలైట్ గుర్తు ఆన్ చేసి దాని పక్కన Difference మోడ్ నొక్కండి. స్క్రీన్ అంతా బూడిద రంగులోకి మారి, ఆ నోడ్ ఏం తీసేసిందో అది మాత్రమే కనిపిస్తుంది. ఏ ఆకారమూ లేని ఇసుక చల్లినట్టు ఉంటే మంచిది, నాయిస్ ఒక్కటే పోయింది. అందులో అవ్వ కళ్ల అంచులు, నుదుటి గీతలు, జుట్టు పోగులు కనిపిస్తున్నాయంటే తీసేసిన దాంట్లో ముఖం కూడా పోయిందన్నమాట. ఈ షాట్‌లో లూమా 3 దగ్గర ఇసుకే ఉంది, 6 చేయగానే కంటి కొసల్లో ముడతలు గీత గీసినట్టు తేలాయి. మళ్లీ 3 కి వచ్చేయడమే. కన్ను అలవాటు పడిపోతుంది, గంటసేపు అదే షాట్ చూస్తే మైనం కూడా బాగున్నట్టే ఉంటుంది, ఈ చూపు మాత్రం అబద్ధం చెప్పదు. టెంపరల్ నోడ్ మీద కూడా ఇదే చేసి చూడండి, అక్కడ కదిలే వాటి అంచులు కనిపిస్తే దెయ్యాలు ఉన్నట్టే.

తల తిప్పే ఆ సెకను దగ్గర కీఫ్రేములు వేసి లూమాని 3 నుంచి 7 కి ఎక్కించి, ఆగగానే దింపండి. అక్కడ మోషన్ బ్లర్ వల్ల ముడతలు ఎలాగూ కనపడవు కాబట్టి స్పేషియల్ ఎక్కువైనా పట్టుకునేవాడు లేడు. ఎక్కించడం దింపడం మూడు నాలుగు ఫ్రేముల్లో జరగాలి, ఒక్క ఫ్రేములో చేస్తే దూకినట్టు ఉంటుంది.

ముఖాన్ని వేరు చేయడం

వెనకాల చీకట్లో ఉన్న జనం తలలు, తాటాకు పందిరి, వీటికి గట్టిగా తీసినా ఎవరికీ బాధ లేదు, ఎలాగూ అవుటాఫ్ ఫోకస్. కాబట్టి అవ్వ ముఖం చుట్టూ సర్కిల్ పవర్ విండో వేసి, అంచు బాగా మెత్తగా పెట్టి, ట్రాక్ చేయండి. తర్వాత ఆ నోడ్‌కి Outside నోడ్ కలిపి బయట మాత్రం స్పేషియల్ లూమా 10 దాకా వేయండి. విండోలో జుట్టు, చెవులు, మెడ కొంత కూడా రావాలి, సరిగ్గా గడ్డం దగ్గర కోస్తే ముఖంలో గ్రెయిన్ ఉండి మెడ నున్నగా ఉండి అతికించినట్టు కనిపిస్తుంది. లోపలికీ బయటికీ తేడా మరీ ఎక్కువ చేసినా ఇదే గొడవ. తల తిప్పినప్పుడు ట్రాకర్ జారుతుంది, ఏడో సెకను నుంచి ఫ్రేము ఫ్రేము చూసుకోండి.

ఇక్కడే చాలా స్టూడియోల్లో ఒక పాడలవాటు ఉంది, పెళ్లి వీడియోలకి అలవాటైపోయి విండో వేయగానే మిడ్‌టోన్ డీటెయిల్ మైనస్‌లోకి లాగేసి ముఖానికి గ్లో ఇచ్చేస్తారు. ఇంత కష్టపడి కాపాడిన ముడతల్ని ఆ ఒక్క నాబ్ తుడిచేస్తుంది. షార్పెనింగ్ కూడా వద్దు, అది పోయిన వివరాన్ని తేదు, మిగిలిన నాయిస్‌కి అంచులు కట్టి పైకి లేపుతుంది.

గ్రెయిన్ మళ్లీ వేయాలా

వేయాలి, కొంచెం. అన్ని నోడ్‌ల తర్వాత ఆఖరి నోడ్‌లో Film Grain ఎఫెక్ట్ వేసి, సన్న సైజు ఎంచుకుని, ప్లే చేసినప్పుడు ఉందా లేదా అని అనుమానం వచ్చేంత మాత్రమే ఉంచండి. దీనివల్ల లాభాలు రెండు. ముఖం దగ్గర ఉన్న గ్రెయిన్, వెనకాల నున్నగా అయిన చీకటి, ఒకే కెమెరాలో తీసినట్టు కలిసిపోతాయి. 8 బిట్ చీకట్లో నాయిస్ పోయాక మెట్లు మెట్లుగా బ్యాండింగ్ వస్తుంది, అది కూడా దాక్కుంటుంది. తీసిన నాయిస్‌నే మళ్లీ వేయడం ఏంటి అంటారేమో, కెమెరా నాయిస్ రంగు మరకలతో, నీడలో ఎక్కువ వెలుగులో తక్కువ అన్నట్టు అడ్డదిడ్డంగా ఉంటుంది, ఇది రంగు లేకుండా ఫ్రేమంతా ఒకేలా ఉంటుంది, కన్ను దీన్ని తప్పుగా తీసుకోదు.

ఫ్రీ వెర్షన్ వాళ్లకి

ఫ్రీ రిజాల్వ్‌లో ఈ నాయిస్ రిడక్షన్ రాదు. కానీ క్రోమా మరకలు తీయడానికి ఒక దొంగదారి ఉంది. కొత్త నోడ్ వేసి రైట్ క్లిక్ చేసి Color Space లో Lab ఎంచుకోండి, మళ్లీ రైట్ క్లిక్ చేసి Channels లో మొదటి ఛానల్ టిక్ తీసేయండి. మొదటి ఛానల్ అంటే వెలుగు, అది ఆఫ్ అయింది కాబట్టి ఇప్పుడు బ్లర్ వేస్తే రంగుకే పడుతుంది, ముడతలకి తగలదు. బ్లర్ రేడియస్ 0.50 నుంచి 0.55, 0.60 దాకా మెల్లగా, బొట్టు చూసుకుంటూ.

టెంపరల్ కోసం ఎడిట్‌కి ముందే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఫైలుని ఇలా తీసుకోవచ్చు:

```
ffmpeg -i avva.mp4 -vf "atadenoise=0a=0.02:0b=0.04:1a=0.04:1b=0.08:2a=0.04:2b=0.08:s=7" -c:v libx264 -crf 14 -preset slow -c:a copy avva_clean.mp4
```

ఇందులో 0 తో మొదలయ్యేవి లూమాకి, 1, 2 తో మొదలయ్యేవి రెండు రంగు ఛానళ్లకి, అందుకే రంగుకి రెట్టింపు ఇచ్చా. `s=7` అంటే ఏడు ఫ్రేములు చూస్తుంది, ఈ అంకె బేసి సంఖ్యే అయి ఉండాలి. ఇది రిజాల్వ్‌లా కదలికని వెంబడించదు, ఎక్కువ తేడా ఉన్న పిక్సెల్‌ని వదిలేస్తుంది అంతే, కాబట్టి తల తిప్పే చోట నాయిస్ ఎక్కువే మిగులుతుంది. థ్రెషోల్డ్‌లు పెంచితే ఇక్కడ కూడా రెప్పల పరీక్ష పెట్టండి. ఎడిట్ అంతా అయ్యాక గ్రెయిన్ కావాలంటే `noise=c0s=4:c0f=t` చాలు, c0 అంటే లూమా ఒక్కదానికే.

ఎక్స్‌పోర్ట్, వచ్చేసారి షూట్

స్టూడియో వాడేవాళ్లు రెండర్‌కి ముందు నాయిస్ నోడ్ మీద రైట్ క్లిక్ చేసి Node Cache ఆన్ చేసుకోండి, లేకపోతే తర్వాత గ్రేడ్‌లో చిన్న మార్పు చేసినా మొత్తం మళ్లీ లెక్కేస్తా కూర్చుంటుంది. బిట్‌రేట్ తక్కువ పెడితే ఎన్‌కోడర్ మొదట తినేసేది సన్న ముడతల్నే, అంటే మీరు చేయని మైనం అది చేసి పెడుతుంది. యూట్యూబ్‌కి అయితే 4కె లోనే ఎక్కించండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది ఎలాగూ మళ్లీ నలిపేస్తుంది, అక్కడ గ్రెయిన్ గడులైపోతుంది, కాబట్టి ఆ కాపీకి గ్రెయిన్ నోడ్ ఆఫ్ చేసి వేరేగా తీయండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

ఎడిట్‌లో ఎంత చేసినా కెమెరాలోనే నున్నగా అయిపోయిన ముఖాన్ని వెనక్కి తేలేం. మెనూలో నాయిస్ రిడక్షన్ ఎంచుకునే వీలుంటే తక్కువలో పెట్టండి, ఫోన్‌లో అయితే అది చాలావరకు మన చేతిలో ఉండదు, అందుకే ఫోన్ ఫుటేజ్ ముందే మైనంగా వస్తుంది, దాని మీద మళ్లీ తీయకండి. షట్టర్ 1/50 లోనే ఉంచండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనవు, వెలుతురు కూడా ఎక్కువ వస్తుంది. 8 బిట్ కెమెరాతో ఐఎస్ఓకి భయపడి చీకటిగా తీసి ఎడిట్‌లో లేపడం కంటే ఐఎస్ఓ పెంచి సరైన ఎక్స్‌పోజర్‌తో తీయడం మేలు, మొదటి దాంట్లో నాయిస్‌తో పాటు గడులూ వస్తాయి. 2.8 లెన్స్ బదులు 1.8 ఉన్న 50 ఎంఎం వేస్తే స్టాప్ పైనే వెలుతురు కలిసొస్తుంది, అంటే 12800 బదులు 5000 దగ్గర తీయొచ్చు. ఫోకస్ లోతు తగ్గుతుంది, అవ్వ నవ్వి ముందుకి వంగితే కళ్లు సాఫ్ట్ అయిపోతాయి, అది మాత్రం చూసుకోండి.